‘మా అమ్మాయి నాకు కొడుకే’ అన్న మాట పిల్ల చెవికి ఎలా వినిపిస్తుంది?

కృష్ణలంక_మాస్టారు
అందరికీ నమస్కారం. హైస్కూల్లో తెలుగు చెబుతాను. మొన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన పదో తరగతి చదివే కూతుర్ని పక్కన నిలబెట్టుకుని ‘ఇది నాకు కూతురు కాదండీ, కొడుకే’ అన్నాడు. ఎంతో మురిపెంగానే అన్నాడు. పిల్ల నవ్వింది. వరండాలోకి వెళ్లాక మాత్రం పక్కపిల్లతో ‘అంటే కూతురుగా చాలననా?’ అంది. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు: ఇద్దరు ఆడపిల్లలు, ఆఖరున బాబు. ఈమె రెండోది. ఇలాంటి మాటలు పిల్ల మనసులో నిజంగా ఏమైనా చేస్తాయా, లేక మనమే ఎక్కువ ఆలోచిస్తున్నామా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఊరి_రచ్చబండ
ఎక్కువే ఆలోచిస్తున్నారు మాస్టారూ. ఆ తండ్రి పొగిడాడు, అంతే. ఇప్పుడు ఏ ఇంట్లోనూ పాలు ఒకరికి, మజ్జిగ ఒకరికి పోయడం లేదు. ఇద్దరికీ ఒకటే స్కూలు బస్సు, ఒకటే టిఫిన్ డబ్బా. ప్రతి మాటనూ భూతద్దంలో చూస్తే ఇంట్లో నోరు విప్పడం కష్టం.

వేపచెట్టు_నీడ
మాస్టారూ, ఆ పిల్ల సరిగ్గానే విన్నది. పిల్లల కౌన్సెలింగ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఏమనుకోకండి.

కూతుర్ని కొడుకుతో పోల్చి పొగడాలంటే కొలబద్ద ముందే కొడుకై ఉండాలి. ‘వీడు నాకు కూతురితో సమానం’ అని కొడుకును మెచ్చుకునే తండ్రి ఎక్కడా కనబడడు. ఇంకో సంగతి, ఈ మాట ఎప్పుడు వస్తుందో గమనించండి. ర్యాంకు వచ్చినప్పుడు వస్తుంది, ఉద్యోగం వచ్చినప్పుడు వస్తుంది, నాన్నకు ఆపరేషన్ అయితే పిల్ల ఆసుపత్రి పనులన్నీ చూసుకున్నప్పుడు వస్తుంది. పదో తరగతి తప్పిన ఆడపిల్లను ‘నాకు కొడుకే’ అనడం నేనైతే వినలేదు. తప్పిన కొడుకు మాత్రం కొడుకుగానే ఉంటాడు. అంటే అతని స్థానం పుట్టుకతో వచ్చింది. ఆమెది మార్కులు తెచ్చుకున్నన్నాళ్లు ఉంటుంది, అద్దెకున్నట్టు. పిల్ల చెవికి చేరేది ఈ తేడానే.

అందుకే బాగా చదివే అమ్మాయిల దగ్గర ఒక విచిత్రం కనిపిస్తుంది. మోరిస్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1965లో పది వాక్యాల ప్రశ్నపత్రం ఒకటి తయారు చేశాడు. మనిషి తన మీద తనకున్న గౌరవాన్ని కొలవడానికి ఇప్పటికీ దాన్నే ఎక్కువగా వాడుతున్నారు. అందులో ఈ పిల్లలకు తక్కువ మార్కులేమీ రావు. ‘నాకు చేతనవును’ అన్న నమ్మకం దండిగా ఉంటుంది. ఆయనే 1981లో మరొకరితో కలిసి ఇంకో ప్రశ్న ముందుకు తెచ్చాడు: నేను ఎదుటివాళ్లకు లెక్కలో ఉన్నానా, నేను లేకపోతే వాళ్లకు వెలితిగా ఉంటుందా? ఇక్కడికొచ్చేసరికి అదే పిల్ల గొంతు తగ్గిపోతుంది. ‘నేను లేకపోతే పని ఆగుతుంది’ అంటుందే తప్ప ‘నేను లేకపోతే వీళ్లకు తోచదు’ అనదు. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరమే మీరు అడిగినదానికి జవాబు.

రచ్చబండ గారూ, మజ్జిగ సంగతి మీరన్నది నిజమే. తిండిలో, స్కూల్లో పట్టుకోగలిగే తేడా చాలా ఇళ్లలో తగ్గింది. అందుకే మిగిలిన తేడా ఎవరికీ కనబడదు. ఆ పిల్లకు తప్ప.

లెక్కల_పిచ్చి
మాస్టారు ‘ఇద్దరు ఆడపిల్లలు, ఆఖరున బాబు’ అన్నారు చూడండి, అసలు కిటుకు ఆ వరుసలోనే ఉంది.

స్కానింగ్‌లో చూసి తీయించేయడం ఒకటే మగపిల్లాడి మీద మోజుకు గుర్తు అనుకుంటాం. అంతకంటే ఎక్కువ ఇళ్లలో జరిగేది వేరు: బాబు పుట్టేదాకా కనడం, పుట్టగానే ఆపెయ్యడం. 2017-18 ఆర్థిక సర్వే దీన్ని పట్టుకోవడానికి సులువైన పద్ధతి వాడింది. ఇంట్లో ఆఖరి బిడ్డ ఎవరు అని చూసింది. ప్రకృతి లెక్కన ప్రతి 100 మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు పుడతారు. ఎవరి ఇష్టంతోనూ పని లేకపోతే ఆఖరి బిడ్డల్లోనూ అదే 105 ఉండాలి. మన దేశంలో ఒక్క బిడ్డతో ఆపేసిన ఇళ్లలో ఆ లెక్క 182. ఇద్దరితో ఆపేసిన ఇళ్లలో ఆఖరివాళ్లను చూస్తే 155. మగపిల్లాడు పుట్టాక తలుపు మూసేస్తున్నారన్నమాట.

ఈ పద్ధతిలో ఎవరినీ చంపడం ఉండదు, చట్టానికి దొరికేదీ ఏమీ ఉండదు. పుట్టిన ప్రతి ఆడపిల్లా పెరుగుతుంది. కాకపోతే వాళ్లలో చాలామంది ‘ఈసారైనా’ అనుకున్నప్పుడు పుట్టినవాళ్లు. అలా అనుకున్నదానికి బదులుగా పుట్టిన 25 ఏళ్ల లోపు ఆడపిల్లలు 2 కోట్ల 10 లక్షల మంది ఉంటారని ఆ సర్వే అంచనా. ‘అవాంఛిత’ అన్న మాటే వాడారు, ప్రభుత్వ పత్రంలో.

డల్లాస్_గోంగూర
ఇదంతా ఇండియా గోల. ఇక్కడ మా తెలుగువాళ్లలో ఈ పట్టింపు పూర్తిగా పోయింది. చదువుకుని బయటికొస్తే అదే పోతుంది.

లెక్కల_పిచ్చి
పోలేదండీ. మీ అమెరికా 2000 సంవత్సరపు జనాభా లెక్కలనే ఇద్దరు ఆర్థికవేత్తలు తవ్వి 2008లో ప్రచురించారు. భారత, చైనా, కొరియా మూలాలున్న కుటుంబాల్లో మొదటి బిడ్డ దగ్గర తేడా ఏమీ లేదు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలైతే మాత్రం మూడో కాన్పులో మగపిల్లలు ఆడపిల్లలకు ఒకటిన్నర రెట్లు. అందులో తెలుగువాళ్లు ఎంతమంది అని విడిగా తీయలేదు కాబట్టి మీవాళ్ల మీద నేరం మోపను. చదువూ వీసా వస్తే పోతుందన్న మాట ఒక్కటి నిలబడదు, అంతే.

డల్లాస్_గోంగూర
సరే, ఒప్పుకున్నాను. కానీ ఇక్కడ పుట్టిన అమ్మాయిలకు ‘వంశోద్ధారకుడు’ లాంటి మాటలు తెలియవు. తెలుగే సగం అర్థం కాదు.

వేపచెట్టు_నీడ
మాట అర్థం కాకపోయినా ముఖం అర్థమవుతుందండీ. వేసవిలో ఊరొస్తే తాతయ్య ముందు ఎవర్ని ఎత్తుకున్నాడో, ఎవరి చేత కొబ్బరికాయ కొట్టించాడో చూడటానికి భాష అక్కర్లేదు.

చెన్నూరు_పిల్ల
నేను ఎప్పుడూ చదువుడే తప్ప రాయను. ఇయ్యాల రాయాలనిపిచ్చింది. మాకు ఇద్దరు ఆడపిల్లలే. పెద్దదానికి ఆరేండ్లు, చిన్నది రెండు నిండింది. అత్తమ్మ మూడోది చూడుండ్రి అంటున్నది, వచ్చిన చుట్టాలు గూడ ‘ఒక్క కొడుకన్న ఉండాలె’ అంటున్నరు. మా ఆయన ఏం అనడు, నవ్వి ఊకుంటడు. పెద్దది అన్నీ వింటది. మొన్న ‘అమ్మా, తమ్ముడు వస్తే నన్ను హాస్టల్ల ఏస్తరా’ అని అడిగింది. గట్ల ఎవ్వరూ అనలే దాన్ని. ఏమని చెప్పాలె?

ఊరి_రచ్చబండ
పిల్లలు ఏదో అంటారమ్మా, రెండ్రోజుల్లో మరిచిపోతారు. చాక్లెట్ ఇచ్చి మాట మార్చేయండి.

వేపచెట్టు_నీడ
మాట మార్చొద్దమ్మా. ఆరేళ్ల పిల్ల అడిగింది హాస్టల్ గురించి కాదు. ‘బాబు వస్తే నా చోటు ఉంటుందా’ అని అడిగింది. మాట మారిస్తే అడగకూడనిది అడిగానేమో అనుకుంటుంది. ఇక మళ్లీ అడగదు. మనం మరిచిపోయిందనుకుంటాం.

ఆ వయసుకు జవాబు పొట్టిగా ఉండాలి, అబద్ధం ఉండకూడదు. ‘నానమ్మకు బాబు కావాలని ఉంది. అది నానమ్మ కోరిక. నువ్వూ చెల్లీ ఈ ఇంటి పిల్లలు, ఎవరొచ్చినా రాకపోయినా ఇక్కడే ఉంటారు.’ ఇంతే చెప్పండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒకసారి, మళ్లీ ఎప్పుడైనా అడిగితే అవే మాటలతో ఇంకోసారి. ‘ఛ, నానమ్మ అలా అనలేదు’ అని మాత్రం అనకండి. పిల్ల తన చెవులతో విన్నది. మీరు కాదంటే తన చెవుల్నే నమ్మడం మానేస్తుంది.

రెండో పని మీవారిది. పిల్ల ముందు చుట్టాలు ఆ మాట ఎత్తినప్పుడు నవ్వి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క, పిల్ల అలాగే లెక్కేస్తుంది. తగవు పెట్టుకోనక్కర్లేదు. ‘మాకు ఇద్దరు పిల్లలు, చాలు. పిల్లల ముందు ఈ ముచ్చట వద్దు’ అని ఆయన నోటి నుంచి రావాలి. మీరు అంటే కోడలు ఎదురు చెప్పిందంటారు. ఆయన అంటే ఆ ఇంటి మాట అవుతుంది. మూడో బిడ్డను కనాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం, దాని జోలికి నేను రాను.

చెన్నూరు_పిల్ల
మంచిగ చెప్పిన్రు అక్కా. ఆయనకు గిది చూపెడ్త.

కృష్ణలంక_మాస్టారు
వేపచెట్టు గారూ, మా ఆడపిల్లల్లో కొందరిని ‘ఎంత అర్థం చేసుకునే పిల్లో’ అని స్టాఫ్‌రూమ్‌లో మెచ్చుకుంటుంటాం. విహారయాత్రకు డబ్బు కట్టమంటే ‘నాకు ఇష్టం లేదు సార్’ అని వాళ్లే తప్పుకుంటారు. ఇప్పుడు మీరు రాసింది చదివాక అనుమానం వస్తోంది. మనసులో ఇలాంటిది ఉందని బయటికి ఎలా తెలుస్తుంది?

వేపచెట్టు_నీడ
మీ అనుమానం నిజమే మాస్టారూ. నేను మొదట చూసేది అదే, అడగకపోవడం.

బట్టల షాపులో నిలబెట్టి చూడండి. పన్నెండేళ్ల పిల్ల గౌను చేతిలోకి తీసుకుంటుంది. రంగు చూసే ముందే చీటీ తిప్పి ధర చూస్తుంది. నచ్చినదాన్ని అక్కడే పెట్టేసి దాని పక్కన తక్కువ ధరది తీసి ‘ఇదే బాగుందమ్మా’ అంటుంది. పక్కనే తమ్ముడు లైటు వెలిగే బూట్ల కోసం నేల మీద పడి దొర్లుతుంటాడు. అమ్మ వాణ్ని తిడుతుంది, పిల్లను మెచ్చుకుంటుంది. చివరికి బూట్లు కొంటుంది. పైకి చూస్తే పిల్లకే పొగడ్త వచ్చింది. లోపల పిల్లకు అర్థమైంది మాత్రం ఇది: నేను అడగకపోతేనే వీళ్లకు ఇష్టం, వాడు అడిగినా ఇష్టమే.

ఇబ్బందున్న ఇంట్లో పిల్లలు ధర చూడటం మంచి బుద్ధే. కాబట్టి ఆ ఒక్కటీ చూసి ఏమీ అనకూడదు. అదే ఇంట్లో ఉన్న మగపిల్లాడు కూడా ధర చూస్తున్నాడా? చూస్తుంటే అది ఇంటి పరిస్థితి. పిల్ల ఒక్కతే చూస్తుంటే అది పిల్ల తనకు తాను కట్టుకున్న ధర. ఈ తేడా పట్టుకుంటే చాలు.

ఇంకో ఆనవాలు, మార్కుల కాగితం ఇచ్చేటప్పుడు. కాగితం చేతికిచ్చి పిల్ల కాగితం వైపు చూడదు, నాన్న కళ్లకేసి చూస్తుంది. తొంభై ఆరు వచ్చినా ‘ఆ నాలుగు ఎక్కడ పోయాయి’ అనకముందే తనే కారణం చెప్పడం మొదలుపెడుతుంది. దీన్ని పట్టుదల అనుకుని మురిసిపోతాం. ఇలాంటి పిల్లలు ఇంటర్‌లో ఒక్కసారి మార్కులు తగ్గగానే ఉన్నట్టుండి కుప్పకూలుతారు. మార్కులు పోవడంతో తన చోటే పోయినట్టు అనిపిస్తుంది వాళ్లకు.

దస్తావేజు_లేఖరి
ఇంత చర్చ ఎందుకండీ, ప్రశ్న ఆస్తి గురించే కదా. 2005 చట్టంతో కూతురికి సమాన వాటా వచ్చేసింది. వాటా అడిగితే విలువ అదే వస్తుంది. తండ్రి ఆస్తి ఏదైనా సరే సగం కూతురిదే, తండ్రి వీలునామా రాసినా చెల్లదు.

నల్లకోటు
లేఖరి గారూ, ప్రశ్న ఆస్తి గురించి కాదు. అయినా ఎత్తారు కాబట్టి సరిచేయాలి, లేకపోతే ఎవరో నమ్మేస్తారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూతురికి పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు 2005 కంటే ఇరవై ఏళ్ల ముందే వచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, కాకపోతే అప్పటికే పెళ్లైపోయిన కూతుళ్లను పక్కన పెట్టారు. ఆ షరతు తీసేసి దేశమంతటికీ వర్తింపజేసింది 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న తగవును సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది, అక్కర్లేదంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడరు.

ఇదంతా పిత్రార్జితం సంగతి. తండ్రి తన సంపాదనతో కొన్నదాన్ని వీలునామాలో ఎవరికైనా రాసుకోవచ్చు, అది చెల్లుతుంది. వీలునామా లేకుండా పోతేనే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి ఉంటే ఆమె, అందరూ సమానంగా పంచుకుంటారు. ‘సగం’ అన్న మాట కూడా తప్పే, వాటా ఎంతన్నది ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి.

దస్తావేజు_లేఖరి
వీలునామా దగ్గర పొరబడ్డాను, ఒప్పుకుంటాను. కానీ నా బల్ల దగ్గర చూసేది చెబుతా. హక్కు విడుదల దస్తావేజు రాయించడానికి అన్నదమ్ములు, ఆడపడుచులు కలిసే వస్తారు. వందకు తొంభై ఆడపడుచులు చదవకుండానే సంతకం పెడతారు. ‘చదువుకో అమ్మా’ అంటే ‘మా తమ్ముడే కదండీ’ అంటారు. డబ్బు ఎంత ముట్టిందని రాయాలి అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

వేపచెట్టు_నీడ
లేఖరి గారూ, దారి తప్పి వచ్చినా మీరు చెప్పింది ఈ చర్చలోదే. గౌను ధర చూసిన పిల్ల ముప్పై ఏళ్ల తర్వాత మీ బల్ల ముందు నిలబడిందంతే. పుట్టింటికి రావాలంటే పేచీ పెట్టకూడదు, అడిగితే రాకపోకలు పోతాయి. చట్టం 1985లోనే మారింది. ఆ భయం చట్టం చదవదు.

అందుకే ‘వాటా అడగమ్మా’ అని ఊరికే చెప్పడం నేను మానేశాను. కొందరు లెక్క తెలుసుకుని, తమ్ముడి పరిస్థితి చూసి, కావాలనే వదులుకుంటారు. వాళ్లు బాగానే ఉంటారు. అసలు ఎవరూ ‘నీకేం కావాలి’ అని అడగనే లేదన్నదే మిగతావాళ్లకు ముల్లులా గుచ్చుతుంటుంది.

నల్లకోటు
అలాంటప్పుడు పనికొచ్చేది ఒక్కటి. సంతకానికి ముందు ముసాయిదా ఇంటికి తెచ్చుకుని వారం రోజులు దగ్గర పెట్టుకోమనండి. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, తన వాటా ఎంతొస్తుంది అని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాత ఇస్తే అది ఇచ్చినట్టు. చూడకుండా పెడితే ఆమె దగ్గర్నుంచి తీసేసుకున్నట్టు. ఇంకో మాట, తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో ‘నాకు వాటా వద్దు’ అని కూతురి చేత రాయించుకునే కాగితం మామూలుగా నిలబడదు. ఇంకా రాని హక్కును వదులుకోవడం కుదరదు. డబ్బు తీసుకుని రాసిస్తే మాత్రం కోర్టులో చిక్కులొస్తాయి. అప్పుడు లాయరుకు చూపించుకోవాలి.

కృష్ణలంక_మాస్టారు
మళ్లీ పిల్లల దగ్గరికి వద్దాం. ఇంట్లో ఉన్న తేడా ఎవరికీ కనబడదన్నారు కదా. కనబడేలా చేసే దారి ఏమైనా ఉందా? తల్లిదండ్రులకు ఉపన్యాసం ఇస్తే ‘మా ఇంట్లో తేడాల్లేవు సార్’ అంటారు. అబద్ధమూ ఆడరు, నిజంగానే అలా అనుకుంటారు.

వేపచెట్టు_నీడ
ఉంది. నేను ఒక నోటుబుక్కు ఇస్తాను. వారం రోజులు, పెద్దవాళ్లే రాయాలి. మూడు సంగతులే రాయమంటాను: పని కోసం ఎవర్ని పిలిచారు, ఎవరు అడిగింది ఇచ్చారు, ఎవరికి ‘వద్దు’ అన్నప్పుడు కారణం చెప్పారు. డబ్బు రాయొద్దంటాను. డబ్బు రాయమంటే స్కూలు ఫీజులు చూపించి సమానమే అని మూసేస్తారు.

ఒక ఇల్లు అనుకుందాం. పదిహేనేళ్ల అక్క, పన్నెండేళ్ల చెల్లి, ఎనిమిదేళ్ల తమ్ముడు, నానమ్మ. సోమవారం పొద్దున గేటు తీయడానికి చెల్లిని పిలిచారు. నానమ్మ మాత్రలకు నీళ్లు చెల్లి. తమ్ముడి సాక్సు వెతకడానికి చెల్లి. చుట్టాలొస్తే టీ కప్పులు అక్క. తమ్ముణ్ని ఒకసారి పిలిచారు, ఫొటోకి. సాయంత్రం ముగ్గురూ అరగంట ఫోను అడిగారు. తమ్ముడికి ఇచ్చారు, ‘ఏడుస్తాడు’ అని. అక్కకు ‘పరీక్షలున్నాయి’ అన్నారు. చెల్లికి ‘నీకెందుకు’ అన్నారు. ఇక్కడ ఆగండి. అక్కకు ఫోను దొరకలేదు గానీ కారణం దొరికింది, పరీక్షలయ్యాక అడగొచ్చు. చెల్లికి దొరికింది కారణం కాదు, తన మీద ఒక తీర్పు. పిల్లలు తేడాను భరిస్తారు, సబబైన కారణం ఉంటే పెద్దగా పట్టించుకోరు కూడా. వికలాంగుడైన తమ్ముడికి ఎక్కువ సమయం ఇచ్చే ఇళ్లలో అక్కలు దెబ్బతినకుండా ఉండటం చాలాసార్లు చూశాను. దెబ్బ తగిలేది కారణం లేని తేడాతో. ఒక్కోసారి ‘వాడు మగపిల్లాడు’ అన్నదే కారణమవుతుంది. దాన్ని ఆ పిల్ల ఎన్నేళ్లు కష్టపడినా మార్చుకోలేదు.

వారం తర్వాత అన్నీ మార్చమనను. ఒక్కటి మారుస్తాం. మామూలుగా ఎక్కువసార్లు కనిపించే వరుస ‘తమ్ముడి వస్తువు, అక్క చెయ్యి’: వాడి సాక్సు, వాడి నీళ్ల సీసా, వాడి కంచం. అది వాడికే అప్పజెప్పమంటాను. మూడు వారాలు పడుతుంది. మొదటి వారం వాడు స్కూలుకు సాక్సు లేకుండా వెళ్తాడు, నానమ్మ లేచి వెతికిస్తుంది. అక్కడే చాలా ఇళ్లు వదిలేస్తాయి. సాక్సు లేకుండా వెళ్లనివ్వాలి.

తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెబుతాను. నోటుబుక్కు రాసే పని కూతురికే అప్పజెప్తారు, నీ అక్షరాలు బాగుంటాయని. దాంతో ఆమెకు ఇంకో పని పెరిగింది, పైగా ఇంట్లో గూఢచారి అయింది. కొందరేమో మొత్తం అమ్మ మీదకు తోస్తారు, ‘నువ్వే కదా పిలిచేది’ అని. ఆమె కూడా ఒకప్పుడు సాక్సు వెతికిన అక్కే. ఇంకొందరు కోపంతో అబ్బాయి మీద పడతారు. ఎనిమిదేళ్ల వాడు ఈ ఏర్పాటు చేసుకోలేదు. వాడిని తిడితే అక్కకు ‘నా వల్లే’ అనిపిస్తుంది, మళ్లీ రహస్యంగా సాక్సు వెతికిపెడుతుంది.

లెక్కల_పిచ్చి
ఈ ‘కావాలని చేయకపోవడం’ గురించి ఒక్క మాట. సీమా జయచంద్రన్, ఇల్యానా కుజియెమ్కో 2011లో మన దేశంలో తల్లిపాల లెక్కలు చూశారు. ఆడపిల్లకు పాలు త్వరగా మాన్పిస్తున్నారు, అన్న లేని ఆడపిల్లకు మరీ త్వరగా. పాలిస్తుంటే గర్భం రావడం ఆలస్యమవుతుంది కదా, బాబు కోసం మళ్లీ ప్రయత్నించాలని. ఆ తల్లికి పిల్ల మీద ప్రేమ లేక కాదు. నోటుబుక్కులో ఎక్కేదీ ఇలాంటిదే.

డల్లాస్_గోంగూర
ఒక సందేహం. మా ఇంట్లో పాపను ‘ఏరా కన్నా’, ‘నాన్నా’ అని పిలుస్తాం. అదీ తప్పేనా? అదైనా మిగల్చండి.

నల్లకోటు
కొడుకును ‘ఏమే తల్లీ’ అని ముద్దు చేసే ఇల్లు చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

వేపచెట్టు_నీడ
నల్లకోటు గారితో నేను పూర్తిగా ఏకీభవించను. ‘అమ్మలూ’, ‘బంగారుతల్లీ’ అన్న పిలుపులూ ఉన్న ఇంట్లో ‘ఏరా’ ఒక ముద్దు మాటే, పిల్ల దాన్ని అలాగే తీసుకుంటుంది. పిల్ల చదువులో గెలిచినప్పుడు మాత్రమే ‘శభాష్‌రా’ అని, ఏడ్చినప్పుడు ‘ఆడపిల్లలా ఏడవకు’ అని అనే ఇంట్లో అదే ‘రా’ వేరే పని చేస్తుంది. నిజం చెప్పాలంటే నా దగ్గర దీనికి తెగే జవాబు లేదు.

నల్లకోటు
నా మాట మీద నేనుంటాను. పిలుపు ఒకవైపే ఎందుకు నడుస్తుందన్నది నా ప్రశ్న.

కృష్ణలంక_మాస్టారు
ఇంకొకటి అడిగి వదిలేస్తాను. మా ఊళ్లలో పిల్ల పుట్టిన కథను పండక్కి అందరూ కూర్చున్నప్పుడు హాస్యంగా చెబుతారు. ‘మళ్లీ ఆడపిల్లేనని వాళ్ల నాన్న రెండ్రోజులు ఆసుపత్రికే రాలేదు’ అని. అందరూ నవ్వుతారు, ఆ పిల్ల కూడా. తండ్రి ఇప్పుడు దాన్ని సరిచేసుకోవాలనుకుంటే ఏం చేయాలి? పిల్లే సూటిగా ‘నేను వద్దనుకున్నారా?’ అని అడిగితే?

వేపచెట్టు_నీడ
కథను కొత్తగా అల్లకూడదు. ‘లేదమ్మా, నువ్వు పుట్టినప్పుడు పండగ చేశాం’ అంటే పిల్ల నమ్మదు, పిన్నులందరూ ఇరవైసార్లు చెప్పేశారు. నిజాన్ని ఒప్పుకుని, తప్పు ఎవరిదో చెప్పాలి. ‘అప్పుడు మేం బాబు కోసం చూశాం. నేను రెండ్రోజులు రాలేదు, అది నిజమే. అది నా తెలివితక్కువతనం. నీలో లోటేమీ లేదు. మూడో రోజు వచ్చి చూస్తే నువ్వు గుప్పిట మూసుకుని పడుకున్నావు.’ ఇలా పిల్ల గురించి నిజంగా గుర్తున్న ఒక చిన్న సంగతి చెప్పాలి. చాలామందికి అలాంటిది గుర్తుండదు. గుర్తు లేకపోతే కల్పించకండి, మొదటి నాలుగు వాక్యాలతో ఆపండి.

పదిహేనేళ్ల పిల్ల వెంటనే మెత్తబడుతుందనుకోవద్దు. ‘ఇప్పుడెందుకు చెబుతున్నావు’ అని లేచిపోవచ్చు. వెంటపడకండి. తర్వాతి పండక్కి ఎవరో ఆ కథ మొదలుపెడతారు, అప్పుడు తండ్రి ‘అది నవ్వే సంగతి కాదులే’ అని ఆపాలి. పిల్ల చూసేది ఆ క్షణాన్నే. విడిగా చెప్పిన క్షమాపణ కంటే నలుగురిలో ఆపిన మాట ఎక్కువ పని చేస్తుంది.

సమావేశంలో మీరు కలిసిన తండ్రికి చెప్పదలిస్తే ‘మీరు తప్పన్నారు’ అనకండి, ముడుచుకుపోతాడు. ‘మీ అమ్మాయిలో మీకు బాగా నచ్చేది ఏంటండీ, చదువు కాకుండా’ అని పిల్ల ముందే అడగండి. కాస్త తడుముకుంటాడు. తడుముకోనివ్వండి.

చెన్నూరు_పిల్ల
మా ఆయన మొత్తం చదివిండు. ఏమనలే. రాత్రి పెద్దదాన్ని పక్కన కూసోవెట్టుకుని దానితోని మాట్లాడిండు, నేను వంటింట్లకెళ్లి వినలే. అత్తమ్మకు ఇంక ఏం చెప్పలే.

వేపచెట్టు_నీడ
వినకపోవడమే మంచిపని చేశారు.

ఊరి_రచ్చబండ
మొదట రాసిన మాట వెనక్కి తీసుకోను గానీ, ఒక సందేహం. ఆ నోటుబుక్కులో ‘పని కోసం ఎవర్ని పిలిచారు’ అన్నచోట తండ్రికి కూడా ఒక గడి ఉండాలా?

వేపచెట్టు_నీడ
ముందు అదే గియ్యండి. చాలా ఇళ్లలో వారమంతా ఖాళీగా ఉండేది ఆ గడే. కొడుకు చూసి నేర్చుకునేదీ దాన్నే.